టూరు బిల్లు: పద్దులు ఒకచోట, అభ్యంతరాలు ఒకచోట

టూరుకి వెళ్లొచ్చిన ఉద్యోగి ఖర్చుల క్లెయిమ్ అకౌంట్స్ విభాగానికి చేరేసరికి సాధారణంగా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి ఉద్యోగి స్వయంగా నింపిన పట్టిక, రెండోది దానికి పిన్ను కొట్టిన బిల్లుల బొత్తి. చెల్లింపుకు అనుమతి ఇవ్వాల్సిన పరిశీలకుడికి వీటిని చూసి రెండు విషయాలు తెలియాలి. ఏ పద్దు కింద ఎంత ఖర్చయింది అనేది మొదటిది. అందులో సంస్థ ట్రావెల్ పాలసీకి విరుద్ధంగా ఉన్నది ఏది, ఎంత అనేది రెండోది. ఈ రెండూ ఒకే లెక్కలోంచి వచ్చే జవాబుల్లా కనిపిస్తాయి కానీ కావు. పద్దుల మొత్తాలు ఉద్యోగి అడిగిన సొమ్మును పైసాతో సహా చూపాలి. అభ్యంతరాలు ఆ సొమ్ములో ఏ భాగం మీద ప్రశ్న ఉందో చూపాలి. మొదటి లెక్క పూర్తికాకముందే రెండోదాన్ని అందులో కలిపేస్తే, అంటే పరిమితి దాటిన మొత్తాన్ని ముందే కోసేసి మిగిలినదాన్ని పద్దులో రాస్తే, ఉద్యోగి ఎంత అడిగాడో, ఎవరు ఎందుకు తగ్గించారో తర్వాత ఎవరికీ తెలియదు. వాదనలన్నీ అక్కడే మొదలవుతాయి.

దీన్ని ఒక ఉదాహరణతో చూడటం తేలిక. హైదరాబాద్‌లో ఉన్న ఒక మధ్యస్థాయి కంపెనీ సేల్స్ ప్రతినిధి విశాఖపట్నం టూరుకి వెళ్లాడనుకుందాం. ఆదివారం రాత్రి సికింద్రాబాద్‌లో రైలెక్కి సోమవారం ఉదయం దిగాడు. మూడు రాత్రులు హోటల్లో ఉండి, గురువారం రాత్రి తిరుగు రైలెక్కాడు. కంపెనీ పాలసీ ఇలా ఉంది: గది అద్దె పన్ను కాకుండా రాత్రికి 2,500 రూపాయల వరకు, భోజనం రోజుకి 600 వరకు, రెండూ అసలు ఖర్చు మీదనే. రూ. 200 దాటిన ప్రతి ఖర్చుకీ బిల్లు ఉండాలి. అంతకు లోపు ఆటో ఛార్జీలకు ఉద్యోగి సంతకం చేసిన మాట చాలు. బట్టల ఉతుకు ఖర్చు మూడు రాత్రులు మించిన టూర్లకే ఇస్తారు. ఖాతాదారులకు విందు ఇస్తే ఎవరెవరు వచ్చారో రాయాలి, 1,500 దాటితే మేనేజర్ ముందస్తు అనుమతి జతచేయాలి.

ప్రతినిధి ఇచ్చిన పట్టికలో 15 లైన్లున్నాయి. రైలు టికెట్లు రెండు, ఒక్కొక్కటి 1,180. హోటల్ అని ఒకే లైనులో 9,470. భోజనం బిల్లులు నాలుగు: సోమవారం 380, మంగళవారం 460, బుధవారం 220, గురువారం 520. బుధవారం మధ్యాహ్నం ‘భోజనం, డిస్ట్రిబ్యూటర్‌తో’ అని 1,640. స్థానిక ప్రయాణాలు ఏడు లైన్లు, మొత్తం 2,910. అన్నీ కలిపి 17,960. బొత్తిలో ఉన్న కాగితాలు మాత్రం 13. రెండు ఆటోలకు బిల్లు లేదు, అది పాలసీ ఒప్పుకున్నదే.

బిల్లు ఒకటైనా లైన్లు అయిదు

మొదట చేయాల్సిన పని కూడటం కాదు, విడగొట్టడం. హోటల్ బిల్లునే తీసుకుంటే, ఉద్యోగి దాన్ని 9,470 రూపాయల వసతి ఖర్చుగా రాశాడు. బిల్లు రెండో పేజీ తిప్పితే లోపల ఉన్నది వేరు. రాత్రికి 2,800 చొప్పున మూడు రాత్రుల గది అద్దె 8,400, దాని మీద 5 శాతం జీఎస్టీ 420. మంగళవారం రాత్రి గదికి తెప్పించుకున్న భోజనం పన్నుతో 410. బట్టల ఉతుకు పన్నుతో 240. అంటే ఒక కాగితంలో మూడు పద్దుల ఖర్చులున్నాయి. దీన్ని అలాగే వసతిలో వేస్తే వసతి 650 రూపాయలు ఎక్కువ కనిపిస్తుంది. అంతకన్నా చేటు ఏమిటంటే, మంగళవారం భోజనం ఖర్చు సగం దాకా కనిపించకుండా పోతుంది.

కాబట్టి హోటల్ లైను అయిదు లైన్లవుతుంది. గది అద్దె రాత్రికొకటి చొప్పున మూడు లైన్లు, ఒక్కొక్కటి పన్నుతో 2,940. ఆపైన భోజనం ఒకటి, ఉతుకు ఒకటి. గది అద్దెను మూడు రాత్రులకూ కలిపి ఒకే లైనుగా ఉంచితే ఏం పోతుంది అనిపించవచ్చు. ఇక్కడ మూడు రాత్రులకీ ఒకే అద్దె కాబట్టి ఏమీ పోదు. కానీ వారాంతంలో రేటు మారే హోటళ్లుంటాయి. రెండు రాత్రులు 2,200, ఒక రాత్రి 3,000 పడితే సగటు 2,467 వచ్చి, పరిమితికి లోబడినట్టే కనిపిస్తుంది. పాలసీలో ‘రాత్రికి’ అని ఉందంటే లెక్క కూడా రాత్రికే వేయాలి. సగటుకు ఒప్పుకోవాలనుకుంటే ఆ మాట పాలసీలో రాసుకోవాలి తప్ప, పట్టిక తయారుచేసే గుమస్తా తనంతట తాను నిర్ణయించకూడదు.

విడగొట్టిన ప్రతి లైనుకూ అది ఏ కాగితంలోంచి వచ్చిందో తెలియాలి. అందుకని ముందు కాగితాలకు నంబర్లు వేస్తారు. హోటల్ బిల్లు 3వ నంబరు కాగితమైతే దానిలోంచి వచ్చిన అయిదు లైన్ల పక్కనా ‘3’ అనే ఉంటుంది. ఆ అయిదింటినీ కూడితే మళ్లీ 9,470 రావాలి. ఈ చిన్న సరిచూపు దగ్గరే చాలా తప్పులు బయటపడతాయి. సర్వీసు ఛార్జి వదిలేయడం, పన్నును రెండుసార్లు కలపడం, బిల్లు చివర రూపాయికి సరిచేసిన రౌండాఫ్‌ని మరిచిపోవడం వంటివి ఇక్కడే దొరుకుతాయి. విడగొట్టడం అయ్యాక 15 లైన్లు 19 అయ్యాయి.

పద్దు నిర్ణయించేది దుకాణం కాదు

ప్రతి లైనుకీ ఒక్క పద్దే ఉండాలి, ఏ లైనూ పద్దు లేకుండా ఉండకూడదు. చెప్పడానికి ఇంతే. చిక్కల్లా ఒకే రకమైన బిల్లు వేర్వేరు పద్దుల్లోకి వెళ్లాల్సి రావడంలో ఉంది. బుధవారం నాటి 1,640 రూపాయల బిల్లు రెస్టారెంటుది. బిల్లు మీద నాలుగు మీల్సు, రెండు స్టార్టర్లు ఉన్నాయి. దాన్ని భోజనం పద్దులో వేస్తే ఆ రోజు 600 పరిమితి భారీగా దాటినట్టు చూపి, ఉద్యోగి మీద లేనిపోని అభ్యంతరం పడుతుంది. నిజానికి అది డిస్ట్రిబ్యూటర్‌నూ ఆయన మనుషులనూ కూర్చోబెట్టి మాట్లాడిన భోజనం. అది వ్యాపార ఆతిథ్యం కిందికి వస్తుంది. ఆ పద్దుకు ఉన్న నిబంధనలు వేరు. ఖర్చు ఎక్కడ జరిగిందన్నది బిల్లు చెబుతుంది, ఎందుకు జరిగిందన్నది ఉద్యోగే చెప్పాలి. పద్దు ‘ఎందుకు’ను బట్టి వస్తుంది. అందుకే క్లెయిమ్ ఫారంలో ‘వివరం’ అనే గడిని ఖాళీగా వదిలేసిన లైన్లను పట్టికలోకి ఎక్కించకముందే తిప్పిపంపడం మంచిది.

పద్దులు ఎన్ని ఉండాలన్నది సంస్థను బట్టి ఉంటుంది. అయిదారుకు మించితే పరిశీలకుడికి పనికిరావు. ‘ఇతర ఖర్చులు’ అనే పద్దు మాత్రం ఎక్కడైనా ఉంటుంది, ఎక్కడైనా ఉబ్బుతుంది. ఏ పరిమితీ లేని పద్దు అదే కాబట్టి, ఎటూ తేలని లైన్లన్నీ అక్కడికే చేరతాయి. ఆ పద్దులో మొత్తం అంకెను ఒక్కటే చూపకుండా, ఒక్కో లైనునూ విప్పి చూపాలి. ఈ ఉదాహరణలో ఉతుకు 240 ఒక్కటే అందులో ఉంది.

ఇప్పుడు కూడితే పద్దులు ఇలా తేలాయి: రైలు ప్రయాణం 2,360, వసతి 8,820, భోజనం 1,990, ఆతిథ్యం 1,640, స్థానిక ప్రయాణం 2,910, ఇతరం 240. మొత్తం 17,960. ఉద్యోగి అడిగిన మొత్తమూ అదే. ఈ రెండు అంకెలూ కలిసే వరకు నిబంధనల జోలికి పోకూడదు.

మొత్తంలో దాగిన మంగళవారం

భోజనం పద్దు మొత్తం 1,990. నాలుగు రోజులకు రోజుకి 600 చొప్పున 2,400 వరకు ఖర్చు పెట్టవచ్చు. మొత్తాలు మాత్రమే చూసే పరిశీలకుడికి ఇక్కడ ఇబ్బందేమీ కనిపించదు, పైగా ఉద్యోగి 410 రూపాయలు ఆదా చేశాడనిపిస్తుంది. రోజువారీగా విడదీస్తే సోమవారం 380, బుధవారం 220, గురువారం 520. మంగళవారం మాత్రం మధ్యాహ్నం బిల్లు 460, హోటల్ బిల్లులోంచి వచ్చిన రాత్రి భోజనం 410, కలిపి 870. పరిమితి మీద 270 ఎక్కువ.

పద్దుల మొత్తాలనుంచి ఉల్లంఘనలు రావని ఇక్కడ అర్థమవుతుంది. ప్రతి నిబంధనకూ తనదైన కొలమానం ఉంటుంది. భోజనానికి రోజు, గదికి రాత్రి, బిల్లు ఉండాలన్న షరతుకి ఒక్కో లైను, గడువుకి మొత్తం క్లెయిమ్. నిబంధనను దాని కొలమానం మీదే పరీక్షించాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఈ పని చేసేవారు తేదీ B కాలమ్‌లోనూ, పద్దు D లోనూ, మొత్తం F లోనూ ఉంచి, రోజుకి ఒక పద్దు మొత్తాన్ని ఇలా తీస్తారు:

```
=SUMIFS(F$2:F$20, D$2:D$20, "భోజనం", B$2:B$20, H2)
```

H కాలమ్‌లో టూరు తేదీలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వచ్చిన అంకెను 600తో పోల్చి, ఎక్కువైతే తేడాను పక్క గడిలో చూపిస్తారు. ఇది సరిగా పనిచేయాలంటే పద్దు పేరు ప్రతి లైనులోనూ ఒకేలా ఉండాలి. ఒకచోట ‘భోజనం’ అని, ఇంకోచోట ‘భోజనాలు’ అని టైపు చేస్తే రెండోది లెక్కలోకే రాదు, ఏ హెచ్చరికా కూడా రాదు. అందుకని పద్దు పేర్లను టైపు చేయనివ్వకుండా, జాబితాలోంచి ఎంచుకునేలా గడులను అమర్చాలి. తేదీల గడుల్లోనూ ఇదే ప్రమాదం. 05-06 అని రాస్తే కొన్ని కంప్యూటర్లు జూన్ అయిదు అనుకుంటాయి, కొన్ని మే ఆరు అనుకుంటాయి.

మంగళవారం భోజనం మీద ఇంకో రెండు మాటలు చెప్పుకోవాలి. అదనంగా తేలిన 270 ఏ బిల్లుది? మధ్యాహ్నానిదీ కాదు, రాత్రిదీ కాదు. విడివిడిగా చూస్తే రెండూ పరిమితికి లోపలే ఉన్నాయి. అదనం ఆ రోజుది. రెండో బిల్లు పక్కన ఎర్ర గుర్తు పెట్టి ఊరుకుంటే, ‘410 రూపాయల భోజనం తప్పెలా అవుతుంది’ అని ఉద్యోగి అడుగుతాడు, ఆ ప్రశ్న న్యాయమైనదే. అభ్యంతరం రోజు మీద రాసి, దాని కింద రెండు లైన్ల నంబర్లూ ఇవ్వడమే సరైన పద్ధతి.

రెండోది తేదీ. ఆ రాత్రి భోజనం ఆర్డరు స్లిప్పు మీద 00:20 అని ఉందనుకుందాం. గడియారం ప్రకారం అది బుధవారం. హోటళ్లు మాత్రం అర్ధరాత్రి దాటాక ‘నైట్ ఆడిట్’ ముగించే వరకు నడిచిన ఖర్చులను ముందు రోజు లెక్కలోనే రాస్తాయి. అందుకే బిల్లులో మంగళవారం తేదీ పడింది. గడియారాన్నే నమ్మితే మంగళవారం 460తో ఏ అభ్యంతరమూ ఉండదు. బుధవారం 220, 410 కలిసి 630 అయి, అదనం 30 రూపాయలకు దిగుతుంది. ఒకే ఖర్చు, రెండు లెక్కలు. ఏ తేదీ పట్టుకోవాలో పాలసీ చెప్పకపోతే బిల్లు మీద ముద్రించిన తేదీనే తీసుకోవడం మేలు, ఎందుకంటే మళ్లీ ఎవరు చూసినా అదే కనిపిస్తుంది. వేళ విషయాన్ని పరిశీలకుడికి వ్యాఖ్యగా రాసిపెడితే, మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది ఆయన చూసుకుంటాడు.

ఒకే ప్రయాణం, రెండు కాగితాలు

స్థానిక ప్రయాణాల్లో క్యాబ్ కంపెనీ ఈమెయిల్‌లో పంపిన నాలుగు బిల్లులున్నాయి: సోమవారం 410, మంగళవారం 620, బుధవారం 540, గురువారం స్టేషనుకి 390. మంగళవారం 150, బుధవారం 180 చొప్పున రెండు ఆటోలు, బిల్లు లేనివి. ఏడో లైను మంగళవారానిదే, మళ్లీ 620. దానికి జతచేసింది ఫోన్‌లో యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్.

ఇది మోసమే కానక్కరలేదు. క్యాబ్ బిల్లు ఈమెయిల్‌కి వస్తుంది, చెల్లింపు సమాచారం ఫోన్‌లో ఉంటుంది. టూరు అయిన పది రోజులకు కూర్చుని క్లెయిమ్ రాసేవాడికి రెండూ రెండు ప్రయాణాల్లా కనిపించవచ్చు. పరిశీలకుడికి మాత్రం ఇవి విడిగా తెలియాలి. బిల్లు ఏం కొన్నారో చెబుతుంది, స్క్రీన్‌షాట్ డబ్బు వెళ్లిందని చెబుతుంది. రెండోది మొదటిదానికి సాక్ష్యమే కానీ మరో ఖర్చు కాదు. అసలు యూపీఐ స్క్రీన్‌షాట్‌ని బిల్లుగా ఒప్పుకోవడమే మంచిది కాదు. అందులో ఏం కొన్నారన్నది ఉండదు, పన్ను వివరం ఉండదు, ఒక వ్యక్తి పేరు మాత్రమే ఉన్నప్పుడు అది క్యాబ్ డ్రైవరా, స్నేహితుడా అన్నదీ తెలియదు.

నకళ్లను పట్టడానికి తేదీ, మొత్తం, అమ్మినవారు ఈ మూడూ కలిసిన లైన్లను ముందు పక్కకు తీస్తారు. కానీ మూడూ కలిసినంత మాత్రాన నకలని తీర్పు చెప్పకూడదు. అదే టోల్ గేటును అదే రోజు రెండుసార్లు దాటవచ్చు, అదే హోటల్లో రెండు టిఫిన్లు అదే ధరకు తినవచ్చు. తేల్చేది బిల్లు నంబరు, లేదా యూపీఐ చెల్లింపుకు ఉండే 12 అంకెల రిఫరెన్సు నంబరు. ఇక్కడ క్యాబ్ బిల్లులో ప్రయాణం ముగిసిన వేళ 18:42, స్క్రీన్‌షాట్ వేళ 18:43. దీంతో అనుమానం దాదాపు తేలిపోయింది. ఉద్యోగి నుంచి రిఫరెన్సు నంబరు తెప్పించి బ్యాంకు స్టేట్‌మెంటుతో చూస్తే, ఆ సాయంత్రం 620 ఒక్కసారే పోయిందని ఖాయమవుతుంది.

ఈ లైను మరో చిక్కును కూడా చూపుతుంది. దాని మీద రెండు అభ్యంతరాలున్నాయి: నకలు, బిల్లు లేకపోవడం. అభ్యంతరాల పట్టికలో రెండూ రాయాల్సిందే. కానీ అభ్యంతరాల పక్కన ఉన్న మొత్తాలను కిందికి కూడేస్తే ఈ 620 రెండుసార్లు పడి 1,240 అవుతుంది. ఉద్యోగి చేతికి రావాల్సిన సొమ్ములోంచి ఒక్కసారి అడిగినదాన్ని రెండుసార్లు తీసేసినట్టవుతుంది. అభ్యంతరాలు ఎన్నైనా ఉండవచ్చు, ఒక లైను మీద తగ్గించే మొత్తం ఆ లైను విలువను దాటకూడదు. కాబట్టి కూడాల్సింది అభ్యంతరాల మొత్తాలను కాదు, ఒక్కో లైనుకి లేదా ఒక్కో రోజుకి తేలిన తగ్గింపును.

ఉల్లంఘనలన్నీ ఒక రకం కావు

ఉల్లంఘన అని ఒకే మాట వాడినా, పరిశీలకుడి ముందు పెట్టేటప్పుడు కనీసం మూడు తరగతులుగా విడగొట్టాలి. పరిమితి దాటినది మొదటిది, అక్కడ అదనం మాత్రమే ప్రశ్న. పాలసీ ఒప్పుకోనిది రెండోది, అక్కడ లైను మొత్తమే పోతుంది. కాగితం లోపించినది మూడోది. ఇందులో ఖర్చు సరైనదే కావచ్చు, ఋజువో అనుమతో రావాలి. ఈ మూడోదాన్ని మొదటి రెండింటితో కలిపి ‘తిరస్కరణ’ అనేస్తే, డిస్ట్రిబ్యూటర్‌తో నిజంగా భోంచేసి వచ్చిన ఉద్యోగి జేబునుంచి 1,640 పోతాయి.

మన ఉదాహరణలో గది అద్దె రాత్రికి 300 ఎక్కువ, మూడు రాత్రులకు 900. దానిమీద కట్టిన 5 శాతం పన్ను 45 కూడా అదనంలోదే, ఎందుకంటే గది 2,500కే తీసుకుని ఉంటే ఆ పన్ను పడేది కాదు. మొత్తం 945. ఈ 45 దగ్గర సంస్థలు రకరకాలుగా నడుచుకుంటాయి. ఏ పద్ధతైనా సరే, ఉద్యోగులందరికీ ఒకటే ఉండాలి. మంగళవారం భోజనం అదనం 270. నకలు 620. టూరు మూడు రాత్రులదే కాబట్టి ఉతుకు 240 ఇవ్వరు. ఈ నాలుగూ కలిపి 2,075. ఆతిథ్యం 1,640 మీద మేనేజర్ అనుమతి లేదు. అది తగ్గింపు కాదు, నిలుపుదల. ఏ అభ్యంతరమూ లేనిది 14,245. ఈ మూడు అంకెలు, 14,245, 2,075, 1,640, కూడితే మళ్లీ 17,960 రావాలి, వస్తుంది.

పరిశీలకుడికి వెళ్లే కాగితం ఒక పేజీ ఉంటే చాలు. పైన పద్దుల మొత్తాలు, పక్కనే ఆ మూడు అంకెలు, కింద అభ్యంతరాల జాబితా. జాబితాలో ప్రతి మాటా చదివినవాడు బిల్లుల బొత్తి విప్పకుండానే నిర్ణయం తీసుకునేలా ఉండాలి. ‘భోజనం పరిమితి మించింది’ అని రాస్తే ఏమీ తెలియదు. ‘మంగళవారం: కాగితం 5లో 460, కాగితం 3లో 410, మొత్తం 870. పరిమితి 600. అదనం 270. రెండో బిల్లు ఆర్డరు వేళ 00:20’ అని రాస్తే అన్నీ తెలుస్తాయి. ‘అక్రమం’, ‘తప్పుడు బిల్లు’ లాంటి మాటలు ఈ జాబితాలో ఉండకూడదు. జాబితా రాసేవాడు చూసింది కాగితాన్నే, ఉద్దేశాన్ని కాదు.

నిర్ణయం కూడా అదే పేజీ మీద, ఒక్కో అభ్యంతరం పక్కనే పడాలి. వైజాగ్‌లో ఆ వారం ఏదో పెద్ద సదస్సు ఉండి 2,500కి గది దొరకలేదని మేనేజర్ రాసిస్తే పరిశీలకుడు 945కి మినహాయింపు ఇవ్వవచ్చు. అప్పుడు కూడా అభ్యంతరాన్ని చెరిపేయరు, పక్కన ‘మినహాయింపు’ అని కారణం రాస్తారు. చెరిపేస్తే, అదే హోటల్ రేటుకి ఏడాదిలో ఎన్నిసార్లు మినహాయింపు ఇవ్వాల్సి వచ్చిందో తెలిసేది కాదు. పదేపదే మినహాయింపు అడగాల్సి వస్తోందంటే మార్చాల్సింది పరిమితి అన్నమాట.

పన్ను కాలమ్ సంగతి

అకౌంట్స్ విభాగం ప్రతి లైనులోనూ పన్నును విడిగా రాయించుకోవడానికి కారణం ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్. కానీ టూరు ఖర్చుల్లో అది ఆశించినంతగా రాదు. వసతికి సంబంధించి పన్ను, హోటల్ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానిదే. విశాఖ హోటల్ సీజీఎస్టీ, ఆంధ్రప్రదేశ్ ఎస్జీఎస్టీ వేస్తుంది. కంపెనీకి తెలంగాణలో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉంటే, బిల్లు మీద తన జీఎస్టీ నంబరు రాయించుకున్నా ఆ 420 క్రెడిట్‌గా రాదు, ఖర్చులోనే కలిసిపోతుంది. 15 అక్షరాల జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూస్తే ఈ విషయం తెలిసిపోతుంది: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. కంపెనీ నంబరు 36తో, హోటల్ నంబరు 37తో మొదలై, బిల్లులో ఎస్జీఎస్టీ కనిపిస్తే ఆశ వదులుకోవచ్చు. ఇక ఉద్యోగుల భోజనం మీద పన్నుకు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, సీజీఎస్టీ చట్టంలోని 17(5) సెక్షనే క్రెడిట్‌ను అడ్డుకుంటుంది.

ఆదాయపు పన్ను వైపునుంచి గుర్తుంచుకోవాల్సింది నగదు చెల్లింపుల నిబంధన. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒకే రోజు ఒకే వ్యక్తికి నగదుగా 10,000 రూపాయలు మించి చెల్లిస్తే ఆ ఖర్చును వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరు. ఈ పరిమితి అంతకుముందు 20,000 ఉండేది, 2017-18 నుంచి తగ్గించారు. పరిమితి రోజుకీ వ్యక్తికీ గనుక బిల్లును రెండు ముక్కలు చేయించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. కాబట్టి అభ్యంతరాల పట్టికలో ‘చెల్లింపు విధానం’ అనే గడి కూడా అవసరం. ఇది కంపెనీ పాలసీ ఉల్లంఘన కాదు, చట్టం ప్రకారం ఖర్చు పోవడం. అందుకే పరిశీలకుడికి దీన్ని విడిగా చూపాలి.

ఒక్క క్లెయిమ్‌లో కనిపించనివి

పైన చెప్పినవన్నీ ఒక టూరు కాగితాల్లోనే దొరికేవి. కొన్ని సంకేతాలు మాత్రం ఆరు నెలల క్లెయిములు పక్కపక్కన పెడితేనే బయటపడతాయి. బిల్లు అక్కరలేని పరిమితి 200 అయినప్పుడు ఒక ఉద్యోగి ఆటో ఖర్చులు నెలనెలా 180, 190, 195 దగ్గరే తిరుగుతుంటే అడిగి తెలుసుకోవాలి. చేతితో రాసిన బిల్లు పుస్తకంలో 41, 42, 43 నంబర్లు వారం వారం తేడాతో వస్తే, రోజుకి పదుల మంది తినే హోటల్లో వారానికి ఒక్క బిల్లే చించారా అన్న అనుమానం రావాలి. ఇంకొకటి, పాత బిల్లు మళ్లీ రావడం. మార్చిలో ఇచ్చిన క్యాబ్ బిల్లు మే క్లెయిమ్‌లో మళ్లీ వస్తే, మే కాగితాలను ఎంత చూసినా తెలియదు. చెల్లించిన ప్రతి బిల్లు నంబరూ ఒక రిజిస్టర్‌లో ఉండి, కొత్త క్లెయిమ్ వచ్చినప్పుడల్లా దానితో పోల్చితేనే దొరుకుతుంది. ఇలాంటివి ఋజువులు కావు. వీటిని అభ్యంతరాల జాబితాలో కాకుండా విడి నోట్‌గా పంపడమే న్యాయం, ఎందుకంటే వీటి ఆధారంగా ఏ లైనునూ తగ్గించలేం.

చివరిది కాగితం మన్నిక. రెస్టారెంట్లు, పెట్రోలు బంకులు ఇచ్చే నున్నటి బిల్లులు థర్మల్ కాగితం మీద ముద్రించినవి. అక్కడ సిరా ఉండదు, వేడి తగిలినచోట కాగితం పూత నల్లబడి అక్షరాలవుతాయి. అదే పూత ఎండకూ వేడికీ ప్లాస్టిక్ కవర్లకూ కొన్ని జిగుర్లకూ వెలిసిపోతుంది. జాగ్రత్తగా ఉంచుదామని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి బిల్లంతా నల్లబడిపోతుంది. కంపెనీల చట్టం 128వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను, వోచర్లతో సహా, కనీసం ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. అన్నేళ్లు థర్మల్ బిల్లు మీద అక్షరాలు నిలుస్తాయన్న భరోసా లేదు. అందుకని క్లెయిమ్ వచ్చిన రోజే బిల్లులను స్కాన్ చేసి, కాగితం నంబరు, క్లెయిమ్ నంబరు ఫైలు పేరులో ఉండేలా దాచుకుంటారు. అప్పటికే వెలిసిన బిల్లు వస్తే దాన్ని ‘బిల్లు లేదు’ అనే తరగతిలో కాకుండా ‘చదవడానికి వీల్లేదు’ అని రాసి, దుకాణంనుంచి రెండో ప్రతి తెప్పించుకునేందుకు ఉద్యోగికి గడువిస్తారు.